రిటర్న్ వచ్చిన 24 చీరలు: ఎంత వెనక్కి రాబట్టగలిగాను?

నమస్తే అండి. ఈ మూటలో 24 కాటన్ చీరలున్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ నెల వెనక్కి వచ్చినవి. ఒక్కోటీ నాకు 620 రూపాయలు పడింది, జీఎస్టీ కాకుండా. ఈ రోజు రివ్యూ కొత్త చీరలకు కాదు, వీటికే.

ముందు రెండు కుప్పలు చేశాను. ఈ 11 కస్టమర్ చేతికే చేరలేదు. ఇల్లు తాళం వేసి ఉందనో, డబ్బులు లేవన్నారనో కొరియర్ వాళ్లే తిప్పి పంపారు. వీటినే ఆర్టీఓ అంటారు. సీలు అలాగే ఉంది కదా అని నేరుగా ర్యాక్‌లో పెట్టేయకండి. ఇదిగో, ఈ కవరు ఒక మూల వానకి తడిసింది. లోపల మడత మీద నీటి చార పడింది చూడండి. మిగతా 10 మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

అసలు పని ఈ 13 మీద. ఇవి కస్టమర్ విప్పి చూసి పంపినవి. కొంచెం కెమెరా దగ్గరికి తెస్తాను. నేను మొదట చూసేది కొంగు. భుజం దగ్గర పిన్ను పెట్టుకుంటారు కాబట్టి ఆ జానెడు మేర కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిల్లులు తెలిసిపోతాయి. తర్వాత కింది అంచు. ఫాల్ కుట్టి విప్పేస్తే సూది గుర్తులు వరసగా కనిపిస్తాయి. నడిచి ఉంటే అంచున సన్నగా మట్టి గీత ఉంటుంది. చివరికి వాసన. సెంటు, పౌడరు, చెమట... నవ్వకండి, ముక్కు పట్టినంత కన్ను పట్టదు.

పోయిన ఏడాది నేను వాసన చూడకుండా ఒక చీరను కొత్తవాటిలో కలిపేశాను. కొన్నావిడ ఒక్క స్టార్ ఇచ్చి, సెంటు వాసన వస్తోందని రాసి, తిరిగి పంపేశారు. ఒకే చీరకు రెండుసార్లు రిటర్న్ చార్జీలు కట్టాను. అప్పటి నుంచి అనుమానం వస్తే ఒక మెట్టు కిందే వేస్తున్నాను.

ఈ 13లో ఏడు నిక్షేపంగా ఉన్నాయి. ఆ 10తో కలిపి 17 ఏ గ్రేడ్. ఇస్త్రీకీ కొత్త కవరుకీ 20 రూపాయలు పోతే మళ్లీ స్టాక్‌లోకి. నీటి చార పడ్డదీ, ఇంకో మూడూ బీ గ్రేడ్. ఆ మూడింటిలో ఒకదానికి జాకెట్టు ముక్క కత్తిరించేశారు, రెండింటికి పిన్ను చిల్లులున్నాయి. వీటిని ఆన్‌లైన్‌లో పెట్టను. ఇంటికొచ్చేవాళ్లకు లోపం చూపించి 450కి ఇస్తాను.

సీ గ్రేడ్ రెండు. ఒకటి ఇస్త్రీ పెట్టె కాలింది. బాగున్న మేర పిల్లల గౌన్లకు 150కి అడిగారు. రెండోది, ఇదిగో, కుచ్చిళ్ల దగ్గర పసుపు మరక. దీన్ని ఇలాగే ఇస్తే 250 వస్తుంది. డ్రై క్లీనింగ్ 120. మరక పోతే 450కి అమ్మొచ్చు, అంటే 330 మిగులుతుంది. పోకపోతే ఆ 250లోంచి 120 తీసేస్తే చేతికొచ్చేది 130. పోయేదీ పోనిదీ సగం సగం అనుకుంటే సగటున 230. అంటే ఇలాగే ఇచ్చేయడమే నయం! ఎండలో వేస్తే పసుపు వెలుస్తుంది, నిజమే. దాంతో పాటు చీర రంగూ వెలుస్తుంది.

ఇక మిగిలింది 24వది. నేను పంపింది మెరూన్ చీర, వచ్చింది ఎవరిదో పాత నైలాన్ చీర. అందుకే నేను ప్రతి కస్టమర్ పార్సిలూ లేబుల్ కనిపించేలా, కవరు కోయకముందు నుంచే, ఆపకుండా ఒకే వీడియో తీస్తాను. క్లెయిమ్‌కి గడువు తక్కువ కాబట్టి మూట వచ్చిన రోజే విప్పుతాను. ఆ క్లెయిమ్ ఇంకా తేలలేదు. తేలకపోతే ఆ చీరను పుస్తకాల్లోంచి కొట్టేయాలి. కొన్నప్పుడు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్, 5 శాతం లెక్కన 31 రూపాయలు, అదీ వెనక్కి కట్టాలి. సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) చెప్పేది అదే. పోయిన సరుకుకీ, రద్దు చేసిన సరుకుకీ క్రెడిట్ ఉండదు. సీ గ్రేడ్‌వి తక్కువకైనా బిల్లు వేసి అమ్మేస్తున్నాను కాబట్టి వాటికి ఆ గొడవ లేదు.

మొత్తం కొన్నది 14,880. ఏ గ్రేడ్‌వి కొన్న ధరకే, 24వది సున్నాకి లెక్కేసి, మిగతావి అనుకున్న ధరకి పోతే చేతికొచ్చేది 12,400. తేడా 2,480, రిటర్న్ చార్జీలు వేరే. ఇందులో 17 ఏ గ్రేడ్‌ల వల్ల పోయింది 340 మాత్రమే. సీ గ్రేడ్ రెండింటికే 840 పోయింది.

ఏ గ్రేడ్‌వి ఈ సాయంత్రమే ఇస్త్రీకి పంపుతున్నాను. పండగ దాటితే ఈ రంగులు 999కి పోవు.