బోర్డు సీటుకు రాసే ఆ నాలుగు వాక్యాలు

అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం రెజ్యూమెలో రాసుకున్న సమ్మరీనే కాస్త దిద్ది, కంపెనీ బోర్డులో స్వతంత్ర డైరెక్టర్ సీటుకూ పంపేవాళ్లను చాలామందిని చూశాను. అది ఎక్కడ దెబ్బతింటుందో నా దగ్గరికి వచ్చిన ఒకాయన సమ్మరీతోనే చెబుతాను.

ఆయన హైదరాబాద్‌లో మందుల తయారీలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆపరేషన్స్ హెడ్‌గా రిటైరయ్యారు. మొదటి వాక్యం ఇలా ఉంది: "మూడు ప్లాంట్లు నడిపాను, ఉత్పత్తి ఖర్చు 18 శాతం తగ్గించాను." ఉద్యోగానికైతే గట్టి వాక్యమే. కానీ స్వతంత్ర డైరెక్టర్ ప్లాంట్ నడపరు, నడిపేవాళ్లను ప్రశ్నిస్తారు. అది చదివిన ఎంపిక కమిటీకి, ఈయన వచ్చి ఎండీ పనిలో వేలు పెడతారేమోనని అనుమానం వస్తుంది.

ఆ కమిటీ పేరు నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ. సెబీ నిబంధన ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో ఈ కమిటీ, బోర్డులో ఏయే నైపుణ్యాలున్నాయో బేరీజు వేసి, ఎలాంటి మనిషి కావాలో ముందే రాసుకోవాలి. ఆ కాగితం మన చేతికి రాదు. కానీ వార్షిక నివేదికలో, కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో, ఏ డైరెక్టర్‌కు ఏ నైపుణ్యం ఉందో చూపే పట్టిక ఉంటుంది. ఆయన కోరుకున్న కంపెనీ పట్టిక తీసి చూశాం. ఫైనాన్స్, లా, మార్కెటింగ్‌లకు బోలెడు టిక్కులున్నాయి. క్వాలిటీ, రెగ్యులేటరీ గడిలో మాత్రం ఒక్క ఎండీకే టిక్కు ఉంది. ఖాళీ అక్కడ కనిపించింది.

అప్పుడు అడిగాను: "మీరు బోర్డు ముందుకు చెడ్డ వార్త ఎప్పుడైనా తీసుకెళ్లారా సార్?" అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో లోపాలు రాసిచ్చే ఫారం 483 వచ్చినప్పుడు, ఒక లైన్‌ను పదకొండు వారాలు ఆపాలని బోర్డును ఒప్పించారట. "అది నా డ్యూటీయే కదా" అని ఆయన దాన్ని సమ్మరీలో రాయలేదు! బోర్డుకు కావాల్సింది సరిగ్గా అదే. కొత్త సమ్మరీ ఇలా మొదలైంది:

"ఔషధ తయారీలో క్వాలిటీ రిస్కును ఆరేళ్లు ప్రతి త్రైమాసికం బోర్డు రిస్క్ కమిటీకి నివేదించాను. ఫారం 483 తర్వాత అమ్మకాలు తగ్గుతాయని తెలిసీ లైన్ ఆపాలని సిఫారసు చేశాను, బోర్డు ఆమోదించింది."

మూడో వాక్యంలో ఫైనాన్స్ నైపుణ్యం కూడా పెడదామన్నారు. నేను వద్దన్నాను. ఆడిట్ కమిటీలో వేసి బ్యాలెన్స్ షీట్ మీద రెండు ప్రశ్నలడిగితే ఇబ్బంది పడేది ఆయనే. దాని బదులు ప్లాంటు పెట్టుబడి ప్రతిపాదనలను పరిశీలించిన అనుభవం రాశాం.

నాలుగోది అర్హత. కంపెనీల చట్టం సెక్షన్ 149(6) ప్రకారం, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ కంపెనీలోగానీ దాని గ్రూపు సంస్థల్లోగానీ ఉద్యోగం చేసినవారు స్వతంత్ర డైరెక్టర్ కాలేరు. డబ్బు సంబంధాలకూ పరిమితులున్నాయి. అందుకే అలాంటి సంబంధం లేదని, స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంక్‌లో నమోదై పరీక్ష పాసయ్యానని ఒక్క వాక్యంలో రాశారు.

సలహాదారు పనికి ఇదే కాగితం పంపకండి. చిన్న కంపెనీ పెట్టినవాళ్లకు కమిటీల అనుభవంతో పనిలేదు. ప్లాంట్ ఎలా నిలబెట్టాలో చెప్పే మనిషి, నెలకు ఎన్ని రోజులిస్తారన్న స్పష్టత కావాలి. ఆయన పక్కన పెట్టిన మూడు ప్లాంట్ల వాక్యం ఆ రెండో కాగితంలో మొదటి వరుసలోకి వచ్చింది.