బ్యాలెన్స్ షీట్ ఫోటో నుంచి కరెంట్ రేషియో, డెట్ టు ఈక్విటీ: అంకె తప్పు చదివితే ఎలా పట్టుకోవాలి

[స్క్రీన్ మీద: కొంచెం వంకరగా తీసిన బ్యాలెన్స్ షీట్ ఫోటో]

ఇదిగో, ఇలాంటి ఫోటో ఒకటి వాట్సాప్‌లో వస్తుంది, కింద "కరెంట్ రేషియో, డెట్ ఈక్విటీ ఎంతొస్తాయో చెప్పండి" అని ఒక మెసేజ్ ఉంటుంది. భాగహారం రెండు నిమిషాల పని. అసలు తంటా అంతా ఈ బొమ్మలోంచి అంకెల్ని తప్పు లేకుండా బయటికి తీయడంలోనే ఉంది, అందుకే ఈ వీడియోలో సగానికి పైగా దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక మాట. పంపినవాళ్లని అసలు పీడీఎఫ్ ఉందేమో అడగండి. పీడీఎఫ్‌లో అంకె మీద మౌస్ లాగితే సెలెక్ట్ అవుతోందంటే అందులో టెక్స్ట్ ఉన్నట్టే, ఇక బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ జోలికి పోనక్కర్లేదు, కింద ఉన్న మొదటి కమాండ్ చాలు. సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ కాపీ, అప్పుడు మిగతా రెండూ కావాలి.

```
pdftotext -layout bs.pdf bs.txt
pdftoppm -r 300 -png bs.pdf page
tesseract page-1.png bs --psm 6
```

300 అంటే డీపీఐ, అంతకన్నా తగ్గిస్తే చిన్న అక్షరాల్లో కామా, చుక్క ఒకేలా కనిపిస్తాయి. చివర్లో ఉన్న psm 6 అంటే పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మెగా తీసుకుని వరసలవారీగా చదవమని చెప్పడం. అది పెట్టకపోతే చాలాసార్లు పేర్లన్నీ ఒక చోట, అంకెలన్నీ ఇంకో చోట పడతాయి, ఏ అంకె ఏ పేరుదో తెలియక తల పట్టుకోవాలి. ఫోటోనే దిక్కయితే దాన్ని డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది.

[స్క్రీన్ మీద: ఓసీఆర్ ఇచ్చిన టెక్స్ట్]

ఇప్పుడు మన ఉదాహరణ. ఈ వీడియో కోసం నేనే తయారుచేసిన ఒక పత్తి జిన్నింగ్ మిల్లు బ్యాలెన్స్ షీట్ ఇది, 2025 మార్చి 31 నాటిది, అంకెలన్నీ లక్షల్లో. కరెంట్ ఆస్తుల దగ్గర వచ్చిన టెక్స్ట్ చూడండి.

```
Inventories                    12   538.00   461.00
Trade receivables              13   872.00   340.00
Cash and cash equivalents      14    95.00    88.00
Short-term loans and advances  15    75.00    71.00
                                  1,080.00   960.00
```

పేరు పక్కన ఉన్న 12, 13 నోట్ నంబర్లు, డబ్బు కాదు. ఖాళీ సరిగ్గా పడకపోతే 13, 872 రెండూ అతుక్కుని 13872 అయిపోతుంది, అంత పెద్ద తప్పు కాబట్టి అది కంటికి వెంటనే ఆనుతుంది. కంటికి ఆనని తప్పు ఇందులో ఇంకోటుంది. మొదటి కాలమ్ కూడి చూడండి: 1,580 వస్తోంది, కింద టోటల్ మాత్రం 1,080. తేడా సరిగ్గా 500.

ఈ 500 అన్నదే మనకి దారి చూపిస్తుంది. తేడా 5 తర్వాత సున్నాలే ఉందంటే ఎక్కడో 3ని 8గా చదివిందేమోనని ముందు అనుమానించాలి, ఎందుకంటే ఓసీఆర్ మాటిమాటికీ తడబడే జత అదే. 500 కాబట్టి వందల స్థానంలో 8 ఉన్న అంకె కోసం వెతకండి, ఈ కాలమ్‌లో 872 ఒక్కటే ఉంది. బొమ్మని పెద్దది చేసి చూస్తే అది 372. పోయినేడాది 340 ఉన్న రాబట్టాల్సిన బాకీలు ఒక్కసారిగా 872కి ఎలా ఎగిరాయన్న అనుమానం కూడా దీంతో తీరిపోయింది.

ఇంకో రకం తేడా కూడా చెప్పేస్తాను, ఎందుకంటే అప్పుల వైపు ఇది తరచూ వస్తుంది. ట్రేడ్ పేయబుల్స్ కింద రెండు వరసలుంటాయి, సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇవ్వాల్సింది ఒకటి, మిగతావాళ్లకి ఇవ్వాల్సింది ఒకటి. మొదటి దాని పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి రెండు లైన్లలోకి విరుగుతుంది, అంకె ఒక్కోసారి ఏ పేరూ లేకుండా ఒంటరిగా మిగిలిపోతుంది, మనం దాన్ని వదిలేస్తాం. మన మిల్లుకి ఆ అంకె 68.50. వదిలేస్తే కరెంట్ అప్పులు 900కి బదులు 831.50 వస్తాయి, కరెంట్ రేషియో 1.20 కాస్తా 1.30 అవుతుంది. తేడా అచ్చంగా ఏదో ఒక వరసలోని అంకెతో సమానమైతే ఆ వరస జారిపోయిందని అర్థం. మీరే చేత్తో ఎక్సెల్‌లో కొట్టినప్పుడైతే 538ని 583 అని తారుమారు చేస్తుంటారు, అప్పుడు తేడా 9తో నిశ్శేషంగా పోతుంది, ఇక్కడ 45.

టోటల్ అంకెనే తప్పు చదివితే? అందుకే ఒక్క మెట్టు దగ్గర ఆగకూడదు. నాన్ కరెంట్ ఆస్తులు 1,260, కరెంట్ 1,080, కలిపి 2,340. అవతలి వైపు ఈక్విటీ 840, నాన్ కరెంట్ అప్పులు 600, కరెంట్ అప్పులు 900, అదీ 2,340. ఇప్పుడు నమ్మొచ్చు.

[స్క్రీన్ మీద: లెక్క]

```
Current ratio = 1080 / 900 = 1.20
```

అదే 872ని పట్టుకోకుండా వదిలేసి ఉంటే 1.76 వచ్చేది, చూడ్డానికి మంచి రేషియోలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇంకోటి, జిన్నింగ్ మిల్లుకి మార్చి నెలాఖరు అంటే పత్తి సీజన్‌లోనే ఉన్నట్టు. గోడౌన్‌లో సరుకు, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ అప్పు రెండూ ఎక్కువగా ఉండే సమయం. ఈ 1.20 ఆ ఒక్క రోజుది, సెప్టెంబర్‌లో చూస్తే వేరే అంకె ఉండొచ్చు.

డెట్ టు ఈక్విటీ దగ్గర అంకెలు సరిగ్గా తీసినా గొడవ తీరదు, ఏది డెట్ అన్నది తేల్చుకోవాలి. మన షీట్‌లో లాంగ్ టర్మ్ బారోయింగ్స్ 560, షార్ట్ టర్మ్ బారోయింగ్స్ 430. ఈక్విటీ అంటే షేర్ క్యాపిటల్ 200, రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్ 640, మొత్తం 840.

```
(560 + 430) / 840 = 1.18
560 / 840         = 0.67
(600 + 900) / 840 = 1.79
```

మూడూ జనం వాడేవే. రెండోది దీర్ఘకాలిక అప్పు మాత్రమే తీసుకుంది, మూడోది సరుకు ఇచ్చినవాళ్ల బాకీలతో సహా మొత్తం లయబిలిటీస్ పట్టుకొచ్చింది. నేను మొదటిదే వాడతాను, ఎందుకంటే క్యాష్ క్రెడిట్ కూడా బ్యాంకు అప్పే, ఏటేటా రెన్యూవల్ చేసుకుంటూ ఏళ్ల తరబడి నడుస్తుంది, దాన్ని పక్కనపెడితే ఇలాంటి మిల్లు అప్పు మూడో వంతు దాకా కనబడదు.

పాత బ్యాలెన్స్ షీట్లతో పోల్చేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. మన 430లో 310 క్యాష్ క్రెడిట్, మిగతా 120 టర్మ్ లోన్‌లో వచ్చే 12 నెలల్లో కట్టాల్సిన వాయిదాలు. 2021లో కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3ని సవరించాక ఈ వాయిదాలు షార్ట్ టర్మ్ బారోయింగ్స్‌లో కనిపిస్తున్నాయి. అంతకుముందు అవి అదర్ కరెంట్ లయబిలిటీస్‌లో ఉండేవి, బారోయింగ్స్ వరసలు మాత్రమే కూడితే ఇదే కంపెనీకి 870 బై 840, అంటే 1.04 వచ్చేది. అప్పు రూపాయి కూడా మారలేదు, వరస మారిందంతే. కాబట్టి పాత ఏడాది షీట్ అయితే అదర్ కరెంట్ లయబిలిటీస్ నోట్ ఫోటో కూడా అడిగి తెప్పించుకుని, అందులో కరెంట్ మెచ్యూరిటీస్ అని ఉన్న అంకెని డెట్‌లో కలపండి. కరెంట్ రేషియోకి మాత్రం దీనితో పని లేదు, రెండు చోట్లా అది కరెంట్ అప్పే.

అదే సవరణ మనకి ఒక మేలు కూడా చేసింది. ఈ రేషియోలని కంపెనీలే నోట్స్‌లో చూపించాలి, దేన్ని దేనితో భాగించారో రాయాలి, పోయినేడాదితో 25 శాతానికి మించి మారితే కారణమూ చెప్పాలి. అందుకని ఆఖరి పేజీల ఫోటో కూడా అడగండి. వాళ్ల డెట్ ఈక్విటీ మీ 1.18తో కలవకపోతే కంగారుపడి అంకెలన్నీ మళ్లీ తవ్వకండి, ముందు వాళ్లు న్యూమరేటర్‌లో ఏం పెట్టారో చదవండి. కరెంట్ రేషియో కలవకపోతే మాత్రం తిరిగి బొమ్మ దగ్గరికే వెళ్లాలి.