కాలిన మోటారుకు గ్యారంటీ రాదని రైతుకు చెప్పడం
(నల్లగొండలో మోటారు దుకాణాల వారికి, బోరు మెకానిక్‌లకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మంది దుకాణంలో కౌంటర్ చూసేవాళ్లు, సగం మంది బోరు మెకానిక్‌లు. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. గ్యారంటీ గడువు ఇంకా ఉంది, మోటారు కాలింది, కానీ కంపెనీ మార్చి ఇవ్వదు. ఈ మాట రైతుకు ఎట్లా చెప్పాలి, చెప్పాక ఆయన పొలం సంగతి ఏం చేయాలి?

మొన్న యాసంగిలో చందంపేట వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాలీ ఆటోలో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు వేసుకొని మా సర్వీస్ సెంటర్‌కు వచ్చాడు. కొని ఏడు నెలలైంది. కార్డు మీద గ్యారంటీ ఏడాది ఉంది. ఇంటి దగ్గర రెండెకరాల వరి పొట్ట దశలో ఉంది. "గ్యారంటీల ఉన్నది కదా బిడ్డా, ఇయ్యాల్నే మార్చియ్యి" అన్నాడు.

ఇట్లాంటప్పుడు కొందరు మోటారు విప్పకుండానే "కరెంటుతో కాలింది, కంపెనీ ఒప్పుకోదు" అనేస్తారు. అది చూడకుండా చెప్పిన తీర్పు, రైతు నమ్మడు, నమ్మాల్సిన పని కూడా లేదు. ఇంకొందరు "కంపెనీకి పంపినం, ఫోన్ చేస్తం" అని పది పదిహేను రోజులు తిప్పుతారు. నా దృష్టిలో ఇదే పెద్ద అన్యాయం. పొట్ట దశలో నీళ్లు అందకపోతే వరి తాలు పోతుంది. కాదని మొదటి రోజే చెప్తే రైతు వేరే దారి చూసుకుంటాడు. ఆశ పెట్టి తిప్పితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మేం పెద్దాయనను పక్కన నిలబెట్టుకొని మోటారు విప్పాం. ఆయన కొడుకుతోనే ఫోన్‌లో ఫొటోలు తీయించాం. ఆ మోటారుకు లోపల స్టార్ కనెక్షన్. వైండింగ్‌లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడి, వైరు మీది ప్లాస్టిక్ పొర కరిగి అతుక్కుపోయింది. మూడో ఫేజు కాయిల్స్ మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. ఒక ఫేజు పోయి మోటారు రెండు ఫేజుల మీద తిరిగినప్పుడు ఇట్లా కాలుతుంది. పోయిన ఫేజులో కరెంటు ఉండదు కాబట్టి ఆ కాయిల్స్ బాగుంటాయి. మిగతా రెండింటిలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. లో వోల్టేజీతోనో, లోడు ఎక్కువయ్యో కాలితే మూడు ఫేజులూ ఇంచుమించు ఒకే తీరుగా మాడుతాయి. కంపెనీ వైండింగ్‌లోనే లోపముంటే చాలాసార్లు ఒక కాయిల్‌లో ఒక్కచోట షార్ట్ అయిన మచ్చ కనిపిస్తుంది, చుట్టుపక్కల శుభ్రంగా ఉంటుంది. డెల్టా కనెక్షన్ అయితే లెక్క తిరగబడుతుంది: ఒక ఫేజు కాలి రెండు మిగులుతాయి. కనెక్షన్ ఏదో చూసుకోకుండా మచ్చను బట్టి మాట్లాడొద్దు.

రెండు ఫేజులు కాలాయని చూడగానే "గ్యారంటీ లేదు" అనడానికి వీల్లేదు. ఆ ఫేజు ఎక్కడ పోయిందో తేల్చాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయి ఉండొచ్చు, స్టార్టర్ డబ్బాలో కాంటాక్ట్ మాడి ఉండొచ్చు. లేదంటే బోరులో కేబుల్ జాయింట్ ఊడి ఉండొచ్చు. ఆ జాయింట్ కట్టింది మన మెకానికే అయితే, ఊడింది మన పని. అప్పుడు రైతుకు కాదనే హక్కు మనకు లేదు, ఆ ఖర్చు మనమే పెట్టుకోవాలి. మెకానిక్ తమ్ముళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మోటారు పైకి తీసినప్పుడు జాయింట్ కోసి పారేయకండి. జాయింట్‌తో సహా తెండి.

పెద్దాయన మోటారుకు జాయింట్ ఉంది. మల్టీమీటర్ పెడితే మూడు వైర్లూ బాగానే ఉన్నాయి. స్టార్టర్ డబ్బా తెప్పించి చూశాం. కాంటాక్ట్‌లు బాగున్నాయి, కానీ మోటారు ప్లేటు మీద 10 ఆంపియర్లు ఉంటే, కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే రిలే 16 మీద పెట్టి ఉంది. ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేదు, కరెంటు రాగానే మోటారును దానంతటదే స్టార్ట్ చేసే ఆటో స్టార్టర్ ఉంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న పక్క రైతుకు ఫోన్ చేస్తే, మోటారు కాలిన రాత్రి ఒక ఫ్యూజు పోయిందని, పొద్దున వేయించామని చెప్పాడు. పోయింది స్టార్టర్ కాయిల్‌కు వెళ్లే ఫేజు కాకపోతే స్టార్టర్ పడిపోదు, పట్టుకొనే ఉంటుంది. ఆపాల్సిన రిలే 16 దాకా కదలదు. రాత్రంతా చూసేవాళ్లు లేరు.

అప్పుడు చెప్పాను. "కాకా, ఈ మోటారుకు గ్యారంటీ వర్తించదు. కంపెనీ కొత్తది ఇయ్యదు." ఈ మాట మొదటే రావాలి. కారణాలన్నీ చెప్పి చివర్లో చెప్తే, అప్పటిదాకా మనిషి టెన్షన్‌లో ఏదీ వినడు. తర్వాత కాలిన కాయిల్స్, కాలని కాయిల్స్ చేతితో తాకించి చూపించాం. కార్డు మీద ఇంగ్లీషులో ఉన్న వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాం: తయారీ లోపానికే గ్యారంటీ, ఫేజు పోవడం వల్ల కాలితే లేదు. ఆ వాక్యం కార్డులో లేకపోతే మాత్రం నోటిమాటగా కాదనకండి, కంపెనీనే అడగండి.

"ఫీజు పోతే నా తప్పా?" అన్నాడు ఆయన. కాదు. ఆయన తప్పు కాదనే చెప్పాను. మోటారు లోపం కూడా కాదు, గ్యారంటీ మోటారు లోపానికే. "మీరు సరిగ్గా వాడలేదు" అన్న మాట మన నోట రాకూడదు. రిలే 16 మీద పెట్టింది ఎక్కువసార్లు మన మెకానిక్‌లే, మాటిమాటికి పడిపోతుందని రైతు అడిగితే తిప్పేస్తారు.

ఆ రోజే ఆయనకు అద్దె మోటారు ఇచ్చి పంపాం, రిలే 10కి తగ్గించి. సర్వీస్ సెంటర్‌లో ఇట్లాంటివి ఒకటి రెండు ఉంచుకోవడం అసలు అవసరం. పంటకు నీళ్లు పారుతుంటే రైతు నిదానంగా ఆలోచించుకోగలడు. లేకపోతే మనం ఏ రేటు చెప్తే ఆ రేటుకు తలూపాల్సి వస్తుంది.

తర్వాత రెండు దారులు చెప్పాం. ఒకటి రీవైండింగ్. పంపు భాగం విప్పి చూస్తే ఇంపెల్లర్లు, బుష్‌లు, థ్రస్ట్ బేరింగ్ బాగున్నాయి, కాబట్టి వైండింగ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. ఇసుక తిని పంపు అరిగిపోయి ఉంటే ఈ సలహా ఇవ్వకూడదు. రేటు, వైండింగ్‌కు మేమిచ్చే గ్యారంటీ కాగితం మీద రాసిచ్చాం. రెండోది, పాత మోటారు ఎక్స్ఛేంజ్ కింద తీసుకొని కొత్తది, మిగతా డబ్బు వడ్లు అమ్మినాక. ఏది తీసుకున్నా ప్రివెంటర్ పెట్టించుకోవాలని చెప్పాం. ఆటో స్టార్టర్ తీసేయమన్నాం, ఎందుకంటే రెండు ఫేజులే ఉన్నప్పుడు అది మోటారును స్టార్ట్ చేయబోతుంది. మోటారు తిరగదు, గుర్రుమంటూ అక్కడే కాలుతుంది. ప్రివెంటర్‌కూ ఒక హద్దుంది. వోల్టేజీ చూసి పనిచేసే రకం స్టార్టర్‌కు ముందు ఫేజు పోతేనే పట్టుకుంటుంది. బోరులో జాయింట్ ఊడితే దానికి తెలియదు. కరెంటు చూసే రకమైతే అది కూడా పడుతుంది.

మన మాట నమ్మకపోతే కంపెనీ ఇంజినీర్‌తో మళ్లీ చూపించుకోవచ్చని, అప్పటిదాకా వైండింగ్ ముట్టుకోవద్దని చెప్పాలి. కాయిల్స్ కోసేశాక సాక్ష్యం మిగలదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అని, రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చని కూడా చీటీ మీద రాయండి. మోటారు నంబరు, కొన్న తేదీ, ఏ కాయిల్స్ కాలాయి, జాయింట్ ఎట్లా ఉంది, రిలే ఎంత మీద ఉంది, కార్డులో ఏ వాక్యం ప్రకారం కాదన్నాం, ఇవన్నీ తెలుగులో రాసి కింద సంతకం పెట్టి ఇవ్వండి. పెద్దాయన ఆ చీటీ తీసుకెళ్లి ఊళ్లో ఇంకో మెకానిక్‌కు చూపించాడు. మూడో రోజు వచ్చి రీవైండింగ్ చేయమన్నాడు.