ఫొటో చూసి ఫ్యాన్ ఏదో పోల్చడం, షాపు రేటు సరైనదో కాదో తేల్చడం

"అన్నా, ఈ ఫొటోలో ఉన్నది ఏ ఫ్యాను? షాపాయన కరెంటు తక్కువ తాగే మోడల్ అని 2,400 చెప్తున్నాడు, ఇచ్చెయ్యొచ్చా?"

ఆగు తమ్ముడూ, ఇవ్వకు. అది 1,750 దగ్గర ఆగాల్సిన ఫ్యాను. ఎలా చెప్తున్నానో చూపిస్తా. నీకు ఒక్కడికే కాదు, ఎండాకాలం ముందు షాపుకెళ్లే అందరికీ పనికొస్తుంది.

ముందు నువ్వు పంపిన మొదటి ఫొటో తీసుకుందాం. షాపులో పైన వేలాడుతున్న ఫ్యాను, గోధుమ రంగు, మోటారు చుట్టూ బంగారు రింగు, మూడు రెక్కలు. ఈ ఫొటో పెట్టి ఫోన్‌లో వెతికితే అచ్చం ఇలాంటివే అయిదారు కంపెనీల పేర్లతో వస్తాయి, అందులో ఒకటి 1,100, ఇంకోటి 3,000. ఆ రింగులూ కప్పులూ రెక్కలూ చాలావరకు బయటి యూనిట్లు చేసి ఇస్తాయి, కాబట్టి పైరూపం కలిసినంత మాత్రాన లోపల మోటారు ఒకటే అనుకోవడానికి లేదు. రంగు, రింగు చూసి "అదే ఇదీ" అని రేటు పోల్చారంటే అక్కడే లెక్క తప్పుతుంది. రాగి వైండింగా, అల్యూమినియం వైండింగా అనేది కూడా ఏ ఫొటోలోనూ కనపడదు.

అందుకే నేను మళ్లీ డబ్బా ఫొటో అడిగాను. డబ్బా పక్కన అతికించిన లేబుల్, మోడల్ పేరు, తయారైన నెల, వాట్లు, ఎమ్మార్పీ అన్నీ కనపడేలా. ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫ్యాన్ అయితే మోటారు పైభాగాన, రాడ్డు దిగే చోట ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది, కుర్చీ ఎక్కి స్విచ్ ఆపి తుడిచి ఫొటో తీస్తే అందులో అదే సమాచారం దొరుకుతుంది. కింద నిలబడి తీసిన వంద ఫొటోల కన్నా ఆ ఒక్క స్టిక్కర్ ఎక్కువ చెప్తుంది.

షాపులో ఇంకో సంగతి కూడా గమనించాలి. పైన తిరుగుతున్న డిస్‌ప్లే పీసు ఒకటి, గోడౌన్ నుంచి తెచ్చి ఇచ్చే డబ్బా ఇంకోటి. చాలాచోట్ల మోసమేమీ ఉండదు, స్టాక్ అయిపోయి దగ్గరి మోడల్ తెస్తారు, అంతే. కానీ మీరు బేరమాడింది పైదానికి, డబ్బులిచ్చేది కిందదానికి. కాబట్టి రేటు మాట్లాడేటప్పుడు వేలు చూపించాల్సింది డబ్బా మీద.

ఇప్పుడు మన తమ్ముడి డబ్బా చదువుదాం. సైజు 1200 ఎంఎం, అంటే మనం 48 అంగుళాలు అనే మామూలు హాలు ఫ్యాను. 52 వాట్లు. గాలి నిమిషానికి 215 క్యూబిక్ మీటర్లు. స్టార్ లేబుల్ మీద ఒకే ఒక్క నక్షత్రం. ఎమ్మార్పీ 2,890. పేరున్న కంపెనీయే, పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఇక్కడ తప్పు కంపెనీది కాదు, వాళ్లు లేబుల్ మీద ఉన్నదున్నట్టే వేశారు.

"కరెంటు తక్కువ తాగే మోడల్" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అంతకుముందు మన ఇళ్లలో తిరిగినవి 75 వాట్లు, అటూ ఇటుగా. ఆ నిబంధన వచ్చాక మామూలు మోటారు ఫ్యాన్లే యాభై పైచిలుకు వాట్లకు దిగాయి, దిగకపోతే ఒక్క స్టార్ కూడా రాదు. అంటే పాతదానితో పోలిస్తే షాపాయన అబద్ధం చెప్పలేదు, తక్కువే తాగుతుంది. కానీ ఇప్పుడు మార్కెట్లో ఉన్నవాటిలో అది కింది మెట్టు. ఆయన చెప్పిన మాటకు మనం బాగా తక్కువ వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ రకం మోటారు అని అర్థం చేసుకుని బీఎల్‌డీసీ రేటుకు సిద్ధపడతాం. ఆయన నోట ఆ మాట మాత్రం రాలేదు, గమనించారా.

స్టార్ ఎన్నో షాపాయన్ని అడగక్కర్లేదు, మీరే లెక్కేసుకోవచ్చు. గాలి అంకెను వాట్లతో భాగించండి. 215ను 52తో భాగిస్తే 4.1 వచ్చింది. దాన్నే లేబుల్ మీద సర్వీస్ వాల్యూ అంటారు. లేబుల్ తప్పనిసరి చేసినప్పటి పట్టిక ప్రకారం 1200 ఎంఎం ఫ్యానుకు ఈ అంకె 4 ఉంటే ఒక స్టార్, అక్కడి నుంచి ప్రతి అరకు ఒక స్టార్ పెరుగుతూ 6 దాటితే అయిదు స్టార్లు. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో 220 గాలి ఇస్తే 7.3 వస్తుంది, హాయిగా అయిదు. అదే ఎవరైనా "ఇది 50 వాట్లు, అయిదు స్టార్లు" అన్నారంటే అది 300కి పైగా గాలి ఇవ్వాలి. మామూలు ఇంటి ఫ్యాన్ డబ్బా మీద అంత అంకె కనపడదు, కాబట్టి ఆ స్టిక్కరో ఆ మాటో ఏదో ఒకటి తేడా.

రిమోట్ ఉంది కాబట్టి బీఎల్‌డీసీ అనుకోకండి, మామూలు మోటారుకు కూడా రిమోట్ పెట్టి అమ్ముతున్నారు. వాట్లు చూడండి, 35 లోపు ఉందంటే బీఎల్‌డీసీ అని దాదాపు ఖాయం. వాడిన ఫ్యాను కొంటుంటే రాడ్డు కింద చిన్న గిన్నె పైకి జరపమనండి, లోపల నల్లటిదో తెల్లటిదో కండెన్సర్ కనపడితే అది మామూలు మోటారే.

ఇక రేటు. నా పద్ధతి ఇది. డబ్బా మీదున్న పూర్తి మోడల్ పేరు, సైజు, రంగుతో సహా ఆన్‌లైన్‌లో కొట్టాలి. రంగు ఎందుకంటే ఒకే మోటారుకు మామూలు గోధుమ రంగు ఒక రేటు, చెక్క డిజైన్ రెక్కలు ఇంకో రేటు, రెండు మూడు వందల తేడా ఉంటుంది. రెండు మూడు చోట్ల చూసి, పండగ సేల్ రేటు పక్కన పెట్టి, మామూలు రోజుల రేటు పట్టుకోవాలి. మన తమ్ముడి మోడల్ మామూలు రోజుల్లో 1,600 చుట్టూ ఉంది. దానికి లోకల్ షాపు కోసం ఒక నూటయాభై కలుపుతాను. అది ఊరికే ఇచ్చేది కాదు. రేపు ఫ్యాను శబ్దం చేస్తే డబ్బా పట్టుకుని నడిచి వెళ్లే చోటు ఉంటుంది, షాపు అద్దె ఆయన కడతాడు, మీరు చూసి కొంటారు. కొందరు కామెంట్లలో "ఆన్‌లైన్ రేటుకే ఇవ్వాలి" అని షాపువాళ్లతో కొట్లాడతారు, నాకది నచ్చదు. అలాగని 1,600 వస్తువుకు 2,400 కూడా ఇవ్వను. ఎనిమిది వందల తేడాకు షాపాయన ఏం సేవ చేస్తున్నట్టు?

"ఎమ్మార్పీ 2,890 ఉంది సార్, నేను 490 తగ్గించాను" అంటాడు, అనే ఉంటాడు. ఫ్యాన్లలో ఎమ్మార్పీకి, అమ్మే రేటుకు దూరం చాలా ఎక్కువ. ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు అనేదొక్కటే దాని పని, దాని నుంచి ఎంత తగ్గించాడు అనేది లాభానికి కొలత కాదు. ఇంకోటి, ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. బేరం కుదిరాక "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం" అన్నారంటే, ఆ అదనం కలిపిన మొత్తంతో పోల్చుకోండి. బిల్లు వద్దంటే రెండొందలు తగ్గుతుందని ఆశపడొద్దు, ఫ్యాను వారంటీకి బిల్లు తేదీయే ఆధారం.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో నాలుగు షాపులు తిరగండి, రేటు ఎంత ఆడుతుందో అరగంటలో తెలిసిపోతుంది. చిన్న ఊళ్లో రెండే షాపులుంటే ఆ వెసులుబాటు ఉండదు, అక్కడ డబ్బా ఫొటోయే మీ ఆయుధం.

మరి 2,400 పెట్టగలిగితే బీఎల్‌డీసీయే తీసుకోవచ్చు కదా అంటారు. ఆ రేటు దగ్గర కింది మోడళ్లు దొరుకుతాయి, నిజమే. లెక్క చూద్దాం. 52 వాట్లకు 30 వాట్లకు తేడా 22. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు ఎనిమిది యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు వేసుకుంటే నెలకు 40. ఏడాదిలో తొమ్మిది నెలలు వాడతాం అనుకుంటే 360. మన తమ్ముడి ఫ్యాను 1,750కి వస్తే తేడా 650, రెండేళ్లలోపే తిరిగొస్తుంది. హాల్లో, పడకగదిలో రోజంతా తిరిగే ఫ్యానుకు నేనైతే బీఎల్‌డీసీయే పెడతాను. పూజగది పక్కన అప్పుడప్పుడు వేసే గదికి అక్కర్లేదు. ఒకటే ఇబ్బంది, బీఎల్‌డీసీ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అది పోతే గల్లీ మెకానిక్ కండెన్సర్ మార్చినంత తేలిగ్గా మార్చలేడు, కంపెనీ సర్వీసు మీ ఊళ్లో ఉందో లేదో ముందే కనుక్కోండి. బీఎల్‌డీసీ పెట్టేచోట గోడమీద పాత రెగ్యులేటర్ ఉంటే దాన్ని తీయించి నేరుగా కలిపించండి.

పేరు ఎప్పుడూ వినని కంపెనీ అయితే ఇంకొక్క పని. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద CM/L అని ఒక నంబరు ఉండాలి. ఫోన్‌లో BIS Care యాప్ తీసి Verify Licence Details లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీదుందో వస్తుంది. గుర్తు ఉండి నంబరు లేకపోతే, లేదా పేరు వేరే వస్తే, 900కి ఇచ్చినా తీసుకోకండి.

తమ్ముడూ, రేపు వెళ్లి మోడల్ పేరు చెప్పి "1,700కి ఇస్తావా అన్నా" అని మొదలుపెట్టు. 1,750కి దిగితే తీసుకో, 1,800 అని మొండికేసినా పెద్ద నష్టమేం లేదు, ఆ పైన మాత్రం ఇంకో షాపు చూడు. ఫిట్టింగ్ కూలీ అందులో ఉందా లేదా ముందే అడుగు. డబ్బా అక్కడే విప్పించు. మూడు రెక్కలూ ఆ డబ్బాలోనివే అయ్యుండాలి, ఎందుకంటే కంపెనీ వాటిని బరువు చూసి జతచేసి పెడుతుంది, డిస్‌ప్లే నుంచి ఒకటి తెచ్చి కలిపితే ఫ్యాను ఊగుతుంది, తర్వాత ఎన్ని బోల్టులు బిగించినా ఊగుతూనే ఉంటుంది. మోటారు మీది సీరియల్ నంబరు బిల్లులో రాయించుకో.