క్లెయిమే లేదు, ప్రీమియం ఎందుకు పెరిగింది?

(విశాఖపట్నంలో వ్యాపారుల సమావేశంలో ఒక రిటైర్డ్ బీమా అధికారి ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించండి.

ఇందాక టీ దగ్గర ఒకాయన నన్ను పట్టుకున్నారు. "హుద్‌హుద్ తర్వాత నా గోడౌన్ మీద ఒక్క క్లెయిమ్ లేదండీ. ప్రీమియం మాత్రం పెంచారు. ఇదేం న్యాయం?" అని కోపంగానే అడిగారు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

షాపు కాలడం వేరు, తుఫాను వేరు. ఒక వీధిలో షాపు కాలితే పక్క ఊరి షాపుకి ఏమీ కాదు. అందుకే వెయ్యిమంది ప్రీమియంతో నలుగురి నష్టం కట్టొచ్చు. 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నం ఏమైంది? ఎయిర్‌పోర్టు పైకప్పు దగ్గర్నుంచి మీ షట్టర్ల దాకా అన్నీ ఒకేసారి పోయాయి. చీటీలో ఉన్నవాళ్లందరూ ఒకే నెలలో పాట పాడుకుంటామంటే నడిపేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే మీ కంపెనీ కూడా తన మీద తాను బీమా చేయించుకుంటుంది. అదే రీఇన్సూరెన్స్. మన ప్రభుత్వ రంగ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ ఉంది, ఆపైన మ్యూనిక్, జ్యూరిక్, లండన్ కంపెనీలు ఉన్నాయి.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. ఒక తుఫానులో మొదటి 50 కోట్ల నష్టం తనే భరిస్తుంది. ఆపైన 100 కోట్లు ఒక లేయర్, దానిపైన మరో 100 కోట్లు ఇంకో లేయర్. కింది లేయర్ ఇరవై ఏళ్లకోసారి పూర్తిగా ఖర్చవుతుందనుకోండి. సగటున ఏడాదికి 5 కోట్ల నష్టం. అయినా రీఇన్సూరర్ 5 కోట్లకి ఇవ్వడు, 8 అడుగుతాడు. పై లేయర్ వందేళ్లకోసారి పోతుంది, సగటు ఏడాదికి కోటే. దానికి రెండున్నర, మూడు కోట్లు అడుగుతాడు. అంటే అరుదైన ప్రమాదానికే నష్టంతో పోలిస్తే ధర ఎక్కువ. ఎందుకంటే రేపే తుఫాను వచ్చినా కట్టడానికి వాడు 100 కోట్ల పెట్టుబడి సిద్ధంగా ఉంచాలి. ఆ పెట్టుబడికి రాబడి కావాలి. మీరు కట్టే ప్రీమియంలో ఆ కిరాయి కూడా ఉంది. తుఫాను రాని సంవత్సరం కూడా కిరాయి కిరాయే!

మరి గత పదేళ్ల ప్రశాంతత లెక్కలోకి రాదా? దీనికి అమెరికా ఒక్కసారి వెళ్లొద్దాం. ఫ్లోరిడాలో దశాబ్దాల పాటు పెద్ద తుఫాన్లు తక్కువ. కంపెనీలు పాత క్లెయిములు చూసి రేట్లు పెట్టాయి. ఆలోగా తీరం పొడవునా ఇళ్లు లేచాయి. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుఫాను మయామీ దక్షిణాన తాకింది. బీమా నష్టం 1,500 కోట్ల డాలర్లు దాటింది, పలు కంపెనీలు దివాలా తీశాయి. కేరెన్ క్లార్క్ అనే ఆవిడ తుఫానుకు ముందే కంప్యూటర్ మోడల్ తయారుచేసి పెట్టారు. గాలి తాకిన కొద్ది గంటల్లోనే నష్టం 1,300 కోట్ల డాలర్లు దాటొచ్చని చెప్పారు. చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత ఆ మోడళ్లు లేకుండా దాదాపు ఎవరూ తుఫాను రీఇన్సూరెన్స్‌కి ధర చెప్పడం లేదు. మోడల్ వేల ఊహా తుఫాన్లను మీ తీరం మీదికి నడిపి, ఒక్కొక్క దాంట్లో ఎంత పోతుందో చూస్తుంది. మీ పదేళ్లు అందులో చాలా చిన్నవి. పైగా రీఇన్సూరర్లు సిద్ధంగా ఉంచే ఆ పెట్టుబడి ప్రపంచమంతటికీ ఒకటే. 2022లో ఇయాన్ తుఫాను ఫ్లోరిడాని ముంచింది. ఆ తర్వాత 2023 జనవరి రెన్యువల్స్‌లో రీఇన్సూరెన్స్ ధరలు బాగా పెరిగాయి. మన కంపెనీలు రీఇన్సూరర్లతో చేసుకునే ఏడాది ఒప్పందాలు, అంటే ట్రీటీలు, చాలావరకు ఏప్రిల్ 1న రెన్యువల్ అవుతాయి. ఆ వేడి ఇక్కడికి రాకుండా ఉంటుందా?

ఇక్కడ నా పాత బాధ ఒకటి చెప్పుకోనివ్వండి. 2007 జనవరిలో మన దగ్గర ఫైర్ బీమా రేట్ల మీద నియంత్రణ ఎత్తేశారు. అప్పట్నుంచి డిస్కౌంట్ల పోటీ! పెద్ద ఖాతా పోతుందేమోనని టెన్షన్‌తో ఫైర్ పాలసీతో పాటే వచ్చే తుఫాను కవర్‌ని దాదాపు ఊరికే ఇచ్చేసేవారు. నేను ఫైలు మీద అభ్యంతరం రాస్తే మా పైవాళ్లు, "నీకేంటయ్యా, బిజినెస్ వద్దా?" అనేవారు. 2019లో జీఐసీ కొన్ని రకాల వ్యాపారాలకు కనీస రేటు లేకపోతే ట్రీటీలో కుదరదంది. మీకది పెంపులా కనిపించింది. నన్నడిగితే, అన్నేళ్లూ మీ దగ్గర తీసుకోవాల్సింది తీసుకోలేదు, అంతే. అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, ముగిస్తాను.

ఒక్క పని చెయ్యండి. మీ పాలసీ తీసి, రిస్క్ అడ్రస్, అంటే బీమా చేసిన ఆస్తి ఉన్న చోటు, ఏమని రాసుందో చూడండి. గోడౌన్ గాజువాకలో, బిల్లింగ్ హైదరాబాద్‌లో ఉంటే ఒక్కోసారి మోడల్‌కి హైదరాబాదే వెళ్తుంది. అప్పుడు కంపెనీ తీరం మీద ఎంత మోస్తోందో దానికే తెలియదు. ఇక పైకప్పు రేకులా, శ్లాబా, ఎప్పుడు కట్టారు, ఎన్ని అంతస్తులు అన్న గడులు ఖాళీగా ఉంటే మోడల్ సగటు లెక్క వేసుకుంటుంది. గట్టి శ్లాబు వేయించుకున్నవాళ్లు రేకుల షెడ్డుతో కలిసి లెక్కలోకి వెళ్తున్నారు. రెన్యువల్‌కి నెల ముందే ఆ నాలుగు వివరాలూ, భవనం ఫొటోలూ రాతపూర్వకంగా ఏజెంట్‌కి ఇవ్వండి. వాటిని నమోదు చేసినట్టు కాగితం తీసుకోండి. నమస్కారం.