టారోలో అంకె చెప్పేది మంచి చెడులు కాదు, మనం ఎక్కడున్నామో

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్లకుండా ద్వారకానగర్ దాకా వచ్చి ఇక్కడ కూర్చున్నందుకు సంతోషం. నిర్వాహకులు నన్ను ‘టారో పరిచయం’ అని మాట్లాడమన్నారు. పరిచయం రెండు నిమిషాల్లో ముగించి, నాకు చాలాకాలంగా మనసులో ఉన్న విషయానికి వస్తాను.

టారో పేకలో 78 కార్డులు. 22 మేజర్ కార్డులు, 56 మైనర్ కార్డులు. మైనర్‌లో వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే గిన్నెలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు, ఇలా నాలుగు జాతులు. ఒక్కో జాతిలో ఏస్ నుంచి పది దాకా అంకెల కార్డులు పది, ఆపైన రాజు, రాణి లాంటి కోర్ట్ కార్డులు నాలుగు. ఇవి 15వ శతాబ్దంలో ఇటలీలో ఆట కోసం పుట్టాయి. జోస్యానికి బాగా వాడకం వచ్చింది 18వ శతాబ్దంలో, ఫ్రాన్స్‌లో. ఇప్పుడు మనలో ఎక్కువమంది చేతిలో ఉండే బొమ్మల పేక 1909లో లండన్‌లో వచ్చింది. వెయిట్ అనే ఆయన చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. పరిచయం అయిపోయింది.

నేను మాట్లాడాలనుకున్నది ఆ నలభై అంకెల కార్డుల గురించి. వీటిని మన ఊళ్లో ఎలా చదువుతున్నారో చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. బొమ్మ నవ్వుతుంటే మంచి కార్డు, బొమ్మ ఏడుస్తుంటే చెడ్డ కార్డు. ఇంద్రధనుస్సు కనిపిస్తే పెళ్లి, కత్తి కనిపిస్తే గండం. కార్డు మీద పైన రాసిన అంకెను చూసేవాళ్లే లేరు. ముందు చూడాల్సింది దాన్నే. ప్రశ్న డబ్బుదా, మనసుదా, మాటలదా, పనిదా అన్నది జాతి చెబుతుంది. ఆ వ్యవహారం ఎంతదాకా వచ్చిందన్నది అంకె చెబుతుంది.

ఇది నా ఊహ కాదు. 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే ఒక రహస్య సంఘం పెట్టారు. వెయిట్, స్మిత్ ఇద్దరూ అందులో సభ్యులుగా ఉన్నవాళ్లే. ఆ సంఘం వాళ్లు రెండు నుంచి పది వరకు ఉన్న కార్డులను రాశిచక్రానికి ముడిపెట్టారు. నాలుగు జాతులు, ఒక్కోదానిలో తొమ్మిది కార్డులు, అంటే 36. రాశిచక్రం 360 డిగ్రీలు, కార్డుకి పది డిగ్రీలు. జ్యోతిషం తెలిసినవాళ్లు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఒక రాశిలో పదేసి డిగ్రీల భాగాన్ని మనం ఏమంటాం? ద్రేక్కాణం. అదే లెక్క. ఇప్పుడు పాశ్చాత్యులు ఎక్కువగా వాడేది సాయనం, మనది నిరయణం, రాశిచక్రం మొదలయ్యే చోటు వేరు. కాబట్టి తేదీలు కలపకండి, తేడా వస్తుంది. పద్ధతి మాత్రం చూడండి.

ఏ అంకె ఏ రాశుల్లో పడిందో గమనించండి. రెండు, మూడు, నాలుగు ఏ జాతివైనా చర రాశుల్లో పడ్డాయి. ఐదు, ఆరు, ఏడు స్థిర రాశుల్లో. ఎనిమిది, తొమ్మిది, పది ద్విస్వభావ రాశుల్లో. ఏస్‌కి ద్రేక్కాణమే ఇవ్వలేదు. దాన్ని బయట పెట్టారు. ఎందుకంటే ఏస్ దగ్గర ఇంకా ఏమీ జరగలేదు. అవకాశం ఉంది, అంతే. నాలుగు ఏస్‌లలోనూ బొమ్మ ఒకటే, మబ్బులోంచి చెయ్యి వచ్చి ఒక వస్తువు చూపిస్తుంది. తీసుకునే మనిషి ఆ బొమ్మలో ఉండడు.

అందుకే ఏస్ వచ్చినప్పుడు ‘పని అయిపోయింది’ అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. పని మొదలుకూడా కాలేదు.

చర రాశుల మూడూ కదలిక. రెండులో ఇద్దరు మనుషులో రెండు దారులో ఎదురవుతాయి. మూడులో దాని ఫలితం మొదటిసారి బయటికి కనిపిస్తుంది. నాలుగులో నిలబడుతుంది. నాలుగు పెంటకిల్స్ బొమ్మలో మనిషి ఒక నాణేన్ని గుండెకి హత్తుకుని, రెంటిని కాళ్ల కింద తొక్కిపట్టి, ఒకటి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాడు. నిలబడింది, కానీ కదలడానికి వీల్లేదు. ఇక్కడిదాకా చాలామంది బాగానే చదువుతారు.

గొడవంతా ఐదు దగ్గర మొదలవుతుంది. ఐదుల్ని నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వాండ్స్‌లో ఐదుగురు కుర్రాళ్లు కర్రలతో కలబడుతుంటారు. కప్స్‌లో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు గిన్నెల్ని చూస్తూ నిలబడతాడు, వెనక రెండు ఒలకకుండా నిలిచే ఉన్నాయి, వాటివైపు తిరగడు. స్వోర్డ్స్‌లో ఒకడు కత్తులు ఏరుకుంటుంటే ఇద్దరు తల దించుకుని వెళ్లిపోతుంటారు. పెంటకిల్స్‌లో ఇద్దరు బీదవాళ్లు మంచులో నడుస్తుంటారు, పైన చర్చి కిటికీలో దీపాలు వెలుగుతుంటాయి. నాలుగింటిలోనూ జరిగింది ఒకటే, నాలుగులో గట్టిపడ్డది ఐదులో పగిలింది. ఐదు సరిగ్గా నడిమధ్య. తర్వాత ఇంకా ఐదు అంకెలున్నాయి. ఐదు చూసి ‘మీ పని అయిపోయింది’ అని చెప్పడం తప్పు.

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన సంగతి.

మా పిన్ని కూతురు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉంటుంది. ఆమె భర్తకి ఒక బోటులో మూడో వంతు వాటా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో బోట్లన్నీ జెట్టీలో కట్టేసి ఉంటాయి, మనుషులకి ఆలోచన ఎక్కువవుతుంది. వాటా ఉంచుకోవాలా, అమ్మేయాలా అని ఇంట్లో రోజూ మాటలు. ఎవరో చెబితే ఒక టారో రీడర్ దగ్గరికి వెళ్లింది. మూడు కార్డులు తీశారు. గడిచినదానికి ఐదు పెంటకిల్స్, ఇప్పటికి ఏడు పెంటకిల్స్, రాబోయేదానికి పది స్వోర్డ్స్.

పది స్వోర్డ్స్ బొమ్మ మీకు తెలుసు. మనిషి బోర్లా పడి ఉంటాడు, వీపులో పది కత్తులు, పక్కన నీళ్లు. ఆ రీడర్ చెప్పిన మాట, ‘మీ ఆయనకి సముద్రం మీద గండం ఉంది, శాంతి చేయించాలి, ఇరవై వేలు అవుతుంది.’ మా చెల్లి ఆ రాత్రి నిద్రపోలేదు. పిల్లల ముందు ఏడవలేక బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చింది. మర్నాడు పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి బయల్దేరుతూ నాకు ఫోన్ చేసింది. ‘అక్కా, ఇరవై వేలకి ప్రాణం ఆగుతుందా?’ అంది.

అయ్యా, అమ్మా, ఆమె అడిగిన ప్రశ్న ఏమిటి? వాటా గురించి. ప్రాణం గురించి ఆమె అడగలేదు. ప్రశ్నని వదిలేసి బొమ్మని చదివితే జరిగేది ఇదే.

నేను అవే మూడు కార్డులు ఆమె ముందు మళ్లీ పెట్టాను. కొత్తవి తీయలేదు. ఐదు పెంటకిల్స్, గడిచిన ఏడాది ఏమైంది అని అడిగాను. ఇంజన్ పాడైంది, రిపేరుకి అప్పు చేశారు, మిగతా వాటాదారులు ఖర్చు పంచుకోవడానికి ముందుకు రాలేదు. పగిలింది అక్కడే. తర్వాత ఏడు. ఏడు పెంటకిల్స్‌లో రైతు పార కర్రకి గడ్డం ఆనించి చెట్టుకి కాసిన నాణేల్ని చూస్తుంటాడు. ఆరు చెట్టుకున్నాయి, ఒకటి కాళ్ల దగ్గర పడి ఉంది. అంటే కొంత చేతికొచ్చింది. ఇంకా ఎరువు వెయ్యాలా, ఇంతటితో కోసుకోవాలా అని లెక్క చూసుకుంటున్నాడు. ఏడు ఏ జాతిలోనైనా పని ఆపి చూసుకునే చోటు. వేట నిషేధంలో బోటు కట్టేసి, ఉంచుకోవాలా అమ్మాలా అని లెక్కలు వేసుకుంటున్న ఇల్లు అదే.

మూడోది పది. పది అంటే ఒక వ్యవహారం చివరిదాకా వచ్చి ఇక జరగడానికి ఏమీ మిగలకపోవడం. పది కప్స్ కూడా అంతే, పది వాండ్స్ కూడా అంతే. ఒకటి ఆనందంగా నిండుతుంది, ఒకటి మోయలేనంత బరువుగా నిండుతుంది. అయితే జాతి మారింది చూడండి. మొదటి రెండు కార్డులు పెంటకిల్స్, మూడోది స్వోర్డ్స్. స్వోర్డ్స్ అంటే మాట, నిర్ణయం, కాగితం, తగువు. డబ్బుతో మొదలైన వ్యవహారం మాటల దగ్గర ముగుస్తుంది. పొత్తు తెగుతుంది. ఆ బొమ్మలోనే ఇంకో రెండు సంగతులున్నాయి, ఆ రీడర్ చూడలేదు. నల్లటి ఆకాశం కింద పసుపుపచ్చని వెలుగు ఉంది. పక్కన నీళ్లు కదలకుండా ఉన్నాయి, అల లేదు. సముద్రంలో గండం గీయాలనుకున్న చిత్రకారిణి నీళ్లని అలా గీయదు.

ఇంకొకటి కూడా ఆమెకి చూపించాను. ఏడు తర్వాత పది వచ్చింది. ఎనిమిది, తొమ్మిది లేవు. ఎనిమిది అంటే దారి మార్చి మళ్లీ పనిలో పడటం. ఎనిమిది కప్స్‌లో మనిషి ఉన్నవన్నీ వదిలి కొండవైపు నడుస్తాడు, ఎనిమిది పెంటకిల్స్‌లో ఒక్కొక్క నాణెమే చెక్కుతుంటాడు. తొమ్మిది అంటే ముగింపుకి ముందు ఒంటరిగా గడిపే రాత్రి. ఈ రెండు మెట్లు లేకుండా పది వస్తే, తెగడం మనం సిద్ధపడేలోపే జరుగుతుందని నేను చదువుతాను. అందుకని మాటలతో తేల్చుకోకండి, లెక్కలు కాగితం మీద రాయించుకోండి అని చెప్పాను. కార్డులు అంతవరకే చెప్పాయి. ఎంత ధరకి అమ్మాలో, ఏ నెలలో అమ్మాలో అంకె చెప్పదు. ఎవరైనా చెబుతుంటే అది కార్డులోంచి వచ్చింది కాదు.

వాళ్లు నిషేధం ముగిసేలోపు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇంజన్ ఖర్చు, అప్పు, వాటా అన్నీ రాయించుకున్నారు. మిగతా ఇద్దరూ వాయిదాల మీద ఆ వాటా కొనుక్కున్నారు. మా మరిది ఇప్పుడు వేరే బోటు మీద సరంగుగా వెళ్తున్నాడు. జీతం ఉంది, అప్పు లేదు. కార్డు ముందే చెప్పింది కాబట్టి ఇలా జరిగిందని నేను అనను. తను ఏ మెట్టు మీద నిలబడిందో మా చెల్లికి కనిపించింది, భయం తగ్గాక నిర్ణయం ఆమే తీసుకుంది. తాడు మెడలోనే ఉంది.

ఆరు గురించి చెప్పకుండా వచ్చేశాను. ఐదులో పగిలినదానికి సాయం అందేది ఆరులో. ఆరు పెంటకిల్స్‌లో వర్తకుడు త్రాసు పట్టుకుని దానం చేస్తాడు, ఆరు స్వోర్డ్స్‌లో పడవవాడు తల్లినీ బిడ్డనీ అవతలి ఒడ్డుకి తీసుకెళ్తాడు. మా చెల్లి కార్డుల్లో ఆరు కూడా లేదు. వాటాదారులు సాయం చేయలేదని ఆమె చెప్పింది చూడండి, ఆ ఖాళీ అక్కడే ఉంది. కార్డులు తీసినప్పుడు వచ్చిన అంకెల్ని వరసగా కాగితం మీద రాసుకుని, మధ్యలో ఏవి లేవో కూడా చూడండి. రివర్స్, అంటే తలకిందులుగా వచ్చిన కార్డుకి అర్థం కూడా తలకిందులు చేయకండి, ఆ మెట్టు దగ్గర అడ్డు పడిందని చదవండి.

ఒక్క విన్నపం. మీలో డబ్బు తీసుకుని కార్డులు చదివేవాళ్లున్నారు, నాకు తెలుసు. పది స్వోర్డ్స్, తొమ్మిది స్వోర్డ్స్, మూడు స్వోర్డ్స్ వచ్చినప్పుడు ఎదుటి మనిషితో ప్రాణం మాట ఎత్తకండి. అంకెల కార్డులో చావు లేదు. చదివించుకునేవాళ్లు కూడా, ఎవరైనా అంకె కార్డు చూపించి శాంతికి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

కోర్ట్ కార్డుల సంగతి ఇందాక ఒకరు అడిగారు. అవి మనుషులు, దశలు కావు, వాటిని ఈ వరసలో కలపకూడదు. పేక తెచ్చాను. ముందుకు రండి, ఈ బల్ల మీద ఐదులు నాలుగూ పక్కపక్కన పెడతాను. చూశాక ప్రశ్నలు అడగండి.