ఆ రెండు బాణాలు ఎక్కడ దాటుకున్నాయి?

నమస్కారం. ముందుగా ఒక స్లైడ్ గురించి చెబుతాను. 2015 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే ఆరోగ్య సంస్థపై విచారణ జరిపింది. ఛైర్మన్ జేసన్ చాఫెట్జ్ తెర మీద రెండు బాణాలు చూపించారు. క్యాన్సర్ పరీక్షలు, నివారణ సేవల బాణం కిందికి దిగుతోంది. గర్భస్రావాల బాణం పైకి ఎక్కుతోంది. నడుమ రెండూ కత్తెరలా దాటుకుంటాయి.

గర్భస్రావాల మీద మీ అభిప్రాయం ఏదైనా కానివ్వండి, నా గొడవ ఆ కత్తెరతోనే. అంకెలు ఆ స్లైడ్ మీదే ఉన్నాయి. 2006లో పరీక్షలు 20,07,371, గర్భస్రావాలు 2,89,750. 2013లో అవి 9,35,573, 3,27,000. చివరి ఏడాదిలో కూడా పరీక్షలు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అయినా బొమ్మలో 3.27 లక్షలు 9.35 లక్షల కంటే ఎత్తున కూర్చున్నాయి! ఒక్కో బాణానికి ఒక్కో స్కేలు వాడి, ఆ స్కేళ్లను అచ్చు వేయకుండా వదిలేశారు.

వేసి ఉంటే సరిపోయేదా? నా ఉద్దేశంలో లేదు. ఎడమ పక్కన ఒక స్కేలు, కుడి పక్కన ఇంకొకటి నిలబెట్టినా గీతలు అక్కడే దాటుకునేవి. చూసేవాడి కన్ను ముందు ఆ కూడలి మీదే పడుతుంది, అంచున ఉన్న అంకెల దగ్గరికి తర్వాతెప్పుడో వెళ్తుంది. మీ చార్టును ఇలా పరీక్షించుకోండి: కుడి స్కేలు గరిష్ఠాన్ని రెట్టింపు చేయండి. కూడలి జరిగిపోతే, అది మీ డేటాలో లేదు, మీరు ఎంచుకున్న స్కేలులో ఉంది.

ఇక్కడ రెండూ లెక్కింపులే కాబట్టి సున్నా నుంచి మొదలయ్యే ఒకే స్కేలు చాలు. గీతలు ఎక్కడా దాటుకోవు. కింది గీత దాదాపు చదునుగా కనిపిస్తుంది, పెరుగుదల తెలియడం లేదని ఎవరో ఒకరు అంటారు. మార్పు శాతమే మీ ప్రశ్న అయితే 2006ను 100గా పెట్టండి. 2013కి పరీక్షలు 47కి పడిపోతాయి, గర్భస్రావాలు 113కి చేరతాయి. దీనికీ ఒక లోపం ఉంది: మొదట్లో ఏడు రెట్లున్న తేడా మాయమై, రెండు గీతలూ ఒకే చోట పుడతాయి. అందుకే మొదటి చుక్క పక్కన అసలు సంఖ్యలు రాయాలి.

కొలతలే వేరైతే? ఒక దుకాణంలో అమ్మకాలు రూపాయల్లో, బిల్లులు సంఖ్యలో ఉన్నాయనుకుందాం. రెండు చిన్న చార్టులను ఒకదాని కింద ఒకటి పెట్టి, నెలలను నిలువునా సరిగ్గా కలపండి. పండగ నెల దగ్గర కన్ను తిన్నగా కిందికి దిగితే చాలు, రెండూ కలిసి పెరిగాయో లేదో తెలుస్తుంది. ఒక్కో బిల్లుకు సగటున ఎంత వస్తోందన్నదే అసలు ప్రశ్న అయితే రెండు గీతలూ అక్కర్లేదు. అమ్మకాలను బిల్లులతో భాగించి, వచ్చిన ఒక్క గీతను వేయండి.

రెండు స్కేళ్లకు నేను అభ్యంతరం చెప్పని చోటు ఒకటుంది: థర్మామీటరు. సెల్సియస్, ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉన్నా పాదరసం గీత ఒక్కటే.